ఆ చెల్క మట్టికి అన్నీ గుర్తే!

చెప్పకుండా ఉండలేకపోతున్నాను! మూడు వారాలుగా కనిపించిన వాళ్ళందరినీ ఆపి ఇదే చెబుతున్నాను. ఇంట్లోవాళ్ళు విన్నారు, పక్కింటి అత్తయ్యగారు విన్నారు, కూరగాయల బండి అబ్బాయి తూకం ఆపి మరీ విన్నాడు. ఇప్పుడు మీరు వినండి.

తుక్కుగూడలో నేను ఒక బీడు చూశాను!

బీడులో ఏముంటుందని అడుగుతారని తెలుసు. మొన్నటిదాకా నేనూ అదే అడిగేదాన్ని. బీడంటే దున్నని నేల, కంపలు మొలిచిన నేల, ఎవరికీ పట్టని నేల. నాకు తెలిసింది అంతే. అక్కడ అడుగడుగునా ఒక కథ నడుస్తోందనీ, దానికి మొదలూ మలుపులూ ఉన్నాయనీ, చదవడం వస్తే నేల మీదే చదువుకోవచ్చనీ నాకు ఒక్కరూ చెప్పలేదు!

మృగశిర కార్తె దాటిన రోజులు. స్నేహితురాలు ప్లాటు చూస్తానంటే తోడు వెళ్ళాను. శ్రీశైలం రోడ్డు మీద, ఔటర్ రింగు రోడ్డు దాటగానే తుక్కుగూడ. రంగారెడ్డి జిల్లాలో మహేశ్వరం వైపు వెళ్ళేవాళ్ళకు తెలిసిన ఊరే. వాళ్ళు తూర్పు ముఖమా, ఉత్తరం ముఖమా అని మాట్లాడుకుంటుంటే నేను వెనక ఉన్న పెద్ద గుండు ఎక్కి కూర్చున్నాను. వాన పడి నాలుగు రోజులైంది. బండ ఎండకు కాలుతోంది. సీసా మూత తీస్తుంటే చెయ్యి జారి నీళ్ళు ఒలికాయి.

ఒలికిన చోట బండ పచ్చబడింది!

నిజంగా! బండ మీద బూడిదరంగులో, ఎండిన సున్నం పొక్కుల్లా అతుక్కుపోయిన మచ్చలున్నాయి. నీళ్ళు తగిలి నిమిషమైందో లేదో, ఆ బూడిదరంగులోంచి లేత ఆకుపచ్చ పైకి తేలింది. ఇంకాస్త నీళ్ళు పోశాను. ఇంకో మచ్చ పచ్చబడింది. సీసా ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను. వంగి వాసన చూశాను. తొలకరి వాసన, దాని అడుగున పచ్చి పుట్టగొడుగు వాసన!

అది మరక కాదు, ప్రాణి. లైకెన్ అంటారు. ఒక బూజూ ఒక శైవలమూ కలిసి చేసే కాపురం. ఇల్లు కట్టి నీడనిచ్చేది బూజు, ఎండలో వంట చేసేది శైవలం. తడి లేనప్పుడు రెండూ ఎండి పడుకుంటాయి. పై పొర ఎండితే మసకబారి బూడిదరంగులో కనిపిస్తుంది. తడిస్తే అద్దంలా అయి, కింద ఉన్న శైవలం పచ్చదనాన్ని పైకి చూపిస్తుంది. ఇంకో సంగతి వింటారా? బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు వీటి దాయాదే! ఇన్నేళ్ళుగా దాన్ని పోపుల పెట్టెలో పెట్టుకుని, ఏదో చెట్టుకు పూసే పువ్వనుకున్నాను.

ఈ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఆ బండ మీద మట్టి లేదు, గింజ లేదు, వేరు లేదు. అలాంటి చోటికి మొదట వచ్చి కూర్చున్నది ఈ మచ్చే. ఇంటికి రాగానే ఇంటర్ చదివే మా మేనకోడలి బోటనీ పుస్తకం లాక్కుని చూశాను. దీని పేరు ప్రాథమిక అనుక్రమం. అంతకుముందు ప్రాణం లేని చోట, మట్టి కూడా లేని చోట, జీవులు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరడం. పేరు తెలిసింది సరే, కానీ అది జరుగుతుండగా కళ్ళతో చూడటం ఉందే!

మీరూ చూడండి! గుండు పక్కల నల్లటి చారలు కారి ఉంటాయి కదా, మసి పూసినట్టు? అవి వాన నీరు జారే దారులు. ఆ నలుపులో ఎక్కువ భాగం నీలి ఆకుపచ్చ శైవలాలు. రాయిలో పొటాషియం, కాల్షియం లాంటివి కొద్దోగొప్పో ఉంటాయి కానీ నత్రజని ఉండదు. గాలిలోంచి దాన్ని లాగి పట్టుకునే విద్య వీటిలో చాలావాటికి తెలుసు. లైకెన్ తన బూజు దారాలను రాతి పలుకుల మధ్యకు దింపుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, పుల్లటి ద్రవాలు ఊరిస్తుంది. అలా అలా ఒక పలుకు ఊడుతుంది. ఆ పలుకూ, గాలి తెచ్చిన దుమ్మూ, చచ్చిన లైకెనూ కలిసి బండ మీది చిన్న గుంటలో చేరతాయి. అక్కడ మఖ్మల్ గుడ్డలాంటి నాచు పరుచుకుంటుంది. వేలు పెడితే మెత్తగా, చల్లగా! నాచు మీద ఇంకాస్త మట్టి ఆగుతుంది. ఆ మట్టిలో జానెడు కూడా లేని గడ్డి లేస్తుంది.

ఇదంతా ఎంత నెమ్మదో తెలుసా? బండకు అతుక్కునే లైకెన్లు ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. వాటిలో చాలావాటికి అదీ ఉండదు. నా అరచేయంత మచ్చ మా తాతగారి కన్నా పెద్దదై ఉండొచ్చు! దాని మీద చెప్పుల కాలితో నడిచి వచ్చానని తెలిసి, దిగేటప్పుడు ఖాళీ బండ వెతుక్కుంటూ దిగాను.

దిగితే ఎదురుగా చెల్క.

ఎర్ర నేల. వరసగా నాలుగు చెక్కలు. ఒకప్పుడు వీటిలో జొన్న, కంది, ఆముదం పండేవట. మేకలు కాస్తున్న ఒక అవ్వ చింత నీడలో కూర్చుని నన్నే చూస్తోంది. నేను వంగి వంగి గడ్డిని తడుముతుంటే పిలిచింది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? ఏమన్న పోయిందా?"

"ఏం పోలేదవ్వా, మొక్కలు చూస్తున్నా."

"కంపలల్ల ఏమున్నది సూసేటందుకు!" అని నవ్వింది కానీ లేచి నాతో వచ్చింది. వచ్చి, నాలుగు చెక్కల వయసూ చెప్పేసింది. "గిది పోయినేడు దాకా కంది ఏసిండ్రు. గీ పక్కది ఐదారేండ్ల సంది పడావే. దాని ఎన్క ఉన్నది పదేండ్లు దాటింది. గా తుమ్మలున్నది సూడు, ఎయిర్‌పోర్టు పడ్డప్పటి సంది దున్నలే."

శంషాబాదు ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది. అంటే నా ముందు ఒకే చెల్క నాలుగు వయసుల్లో నిలబడి ఉంది! పసిపాప, బడిపిల్ల, పెళ్ళికూతురు, ఇల్లాలు ఒకే ఫోటోలో వరసగా కూర్చున్నట్టు!

మొదటి చెక్కలో ఎండిన కంది మోళ్ళు ఇంకా గుచ్చుకుంటున్నాయి. వాటి మధ్య పచ్చపచ్చగా, గజిబిజిగా, తొక్కిసలాటగా ఎన్ని మొక్కలో! గునుగు, గడ్డిచామంతి, ఉత్తరేణి, చెప్పుకు గుచ్చుకునే పల్లేరు, తెల్లపూల వయ్యారిభామ. అన్నీ మోకాలి లోపే, అన్నీ తొందరలోనే ఉన్నాయి. ఒక్క వానాకాలంలో మొలిచి, పూసి, వేలకొద్దీ గింజలు రాల్చి పోయే రకాలు. నేల మీద గరక కణుపు కణుపునా వేళ్ళూని పాకుతోంది.

రెండో చెక్కలోకి అడుగుపెట్టగానే కాళ్ళ కింద చప్పుడే మారిపోయింది. అక్కడ చిటపట, ఇక్కడ సరసర! ఏడాది తిరిగినా చావని గడ్డి దుబ్బులు కట్టింది. మధ్యలో వెంపలి, జిల్లేడు, నడుమెత్తున తంగేడు. వెంపలి మొక్క ఒకటి పీకి చూస్తే వేళ్ళకు ఆవగింజల్లాంటి బుడిపెలు! బండ మీద నల్ల చారలు చేసే పనే, గాలి నుంచి నత్రజని పట్టే పనే, ఈ బుడిపెల్లోని బాక్టీరియా చేస్తున్నాయి. తంగేడూ అదే చిక్కుడు కుటుంబం కదా అని ఎంతో ఆశగా దాని వేరూ తవ్వాను. బుడిపె లేదు! తంగేడుకు ఆ విద్య రాదట. నేలలో ఉన్నదానితోనే అది అంత పచ్చగా బతికేస్తోంది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో.

గునుగు. తంగేడు.

బతుకమ్మ!

చిన్నప్పటి నుంచి పళ్ళెంలో ఒక వరస గునుగు, ఒక వరస తంగేడు పేర్చుకుంటూ వచ్చాను. ఆ పూలు ఎక్కడివని ఎన్నడూ అడగలేదు. అమ్మ తెచ్చేది, బజారులో దొరికేవి. ఆ రోజు తెలిసింది: గునుగు దుక్కి తగ్గిన నేల మీదికి ముందు ఉరికే మొక్క, తంగేడు ఆ నేల నాలుగైదేళ్ళు ఊపిరి పీల్చుకున్నాక నిలదొక్కుకునే పొద. బీడు తన జీవితంలో వేసే రెండు అడుగులు! ఆ రెండూ పక్కపక్కనే నా పళ్ళెంలో కూర్చుంటే పాట పాడుతూ చుట్టూ తిరిగాను, ముప్ఫై ఏళ్ళు! అవ్వకు చెబితే, "గంతే గద బిడ్డా, పూలు యాడికెల్లొస్తయ్? పడావు భూములల్లకెల్లే వస్తయ్" అంది, సూర్యుడు తూర్పున పొడుస్తాడని చెప్పినంత తేలిగ్గా.

ఇలా ఒకప్పుడు పంట పండి, మట్టి అలాగే ఉండగా మనిషి చెయ్యి తీసేసిన చోట మళ్ళీ మొదలయ్యే వరసే ద్వితీయ అనుక్రమం. మొదట నేను దీన్ని రెండో రకం అనుకున్నాను, బండ మీద జరిగే దానికి చిన్న చెల్లెలు అనుకున్నాను. బండకు వందల ఏళ్ళు, చెల్కకు పది పదిహేనేళ్ళు, తేడా అంతే కాబోలని. తేడా వేగంలో లేదండీ! వేగం పైకి కనిపించేది మాత్రమే. అసలు తేడా ఏమిటో మూడో చెక్కలో అవ్వ చూపించింది.

అక్కడ రేగు కంపలు నా భుజాల దాకా ఉన్నాయి. నేను చాలా తెలిసినట్టు, "మొదట గడ్డి వచ్చి, నేల బాగుపడ్డాక ఈ రేగు వచ్చిందన్నమాట" అన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"రాలే బిడ్డా. ఆడనే ఉండె. మేం ఎన్నేండ్లు కొట్టినం దాన్ని! నాగలికి అడ్డం పడుతుండె. పైన కొడితే లోపట్నించి మల్ల ఎల్తుండె. దుక్కి ఆగింది, గది లేసింది."

నమ్మలేక మళ్ళీ మొదటి చెక్కకు పరుగెత్తాను. కంది మోళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. ఉంది! చిటికెన వేలంత ఎత్తున, రెండు ఆకులతో, రేగు చిగురు. కింద తవ్వితే బొటనవేలంత లావు వేరు! పది సంవత్సరాల తర్వాత రావలసిన పొద మొదటి ఏడాది నేలలోనే కూర్చుని ఉంది. అది కొత్తగా రావక్కర్లేదు, పెరగాలంతే!

అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ ఎగ్లర్ 1954లో ఇదే చెప్పాడట. వదిలేసిన పొలాల్లో కనిపించే మార్పు అంతా ఒకరు దిగాక ఇంకొకరు బండెక్కినట్టు జరగదు, చాలామంది మొదటి రోజే బండిలో ఉంటారు, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు పైకి కనిపిస్తారు అని. బండ మీద ఆ వీలే లేదు. అక్కడ ప్రతి ఒక్కరూ బయటి నుంచి రావాలి. వచ్చినా, ముందున్నవాళ్ళు మట్టి చేసి పెట్టేదాకా కాలు పెట్టే చోటుండదు. చెల్కలో గింజలున్నాయి, వేళ్ళున్నాయి, గడ్డలున్నాయి, వేళ్ళకు నీళ్ళూ భాస్వరమూ అందించే బూజు దారాలున్నాయి, చెదలు తవ్విన సొరంగాలున్నాయి. బండ ఏమీ తెలియని పలక. చెల్కకు అన్నీ గుర్తే!

గుర్తుందో లేదో చూద్దామని ఇంట్లో పరీక్ష కూడా పెట్టాను. మీరూ పెట్టండి, ఖర్చే లేదు! మూడు పాత స్వీటు డబ్బాలు. ఒకదానిలో మొదటి చెక్క మట్టి: పది చోట్ల పైపై రెండు వేళ్ళ లోతు తీసి కలిపింది. రెండోదానిలో బండ గుంటలో ఊడ్చిన దుమ్ము. మూడోదానిలో ఆ పక్కనే జేసీబీతో పైమట్టి గీకేసిన వెంచరు నేల నుంచి తెచ్చిన మొరం. మూడింటి మీదా దోమతెర గుడ్డ కట్టాను, గాలికి కొత్త గింజలు వచ్చి పడకుండా. పొద్దున, సాయంత్రం నీళ్ళు చిలకరించాను.

నాలుగో రోజు చెల్క డబ్బాలో పచ్చటి చుక్కలు! వారానికి చుక్కలు గుంపులయ్యాయి. ఒక్కోదాని పక్కన అగ్గిపుల్ల గుచ్చి లెక్కపెట్టాను. నలభై దాటాక పుల్లలకు చోటు లేక ఆపేశాను. నేను పిడికెడు మట్టి అనుకుని తెచ్చింది ఒక ఊరు! మొరం డబ్బాలో మూడే మొలిచాయి. మూడూ గడ్డిచామంతి, వయ్యారిభామ లాంటి తేలికపాటి గింజలవే, ఎప్పుడో గాలికి వచ్చి పడ్డవి. బండ దుమ్ములో ఒక్క మొలకా లేదు. అయితే దాని పైన పలచటి పచ్చ పొర కట్టింది, గోటితో గీస్తే ఊడేంత. మొలక కన్నా ముందు వచ్చే అతిథి!

చెల్క డబ్బాలో తంగేడు మాత్రం ఒక్కటీ రాలేదు. ఎంత నిరాశపడ్డానో! తర్వాత తెలిసింది, తంగేడు గింజ పైపెంకు గట్టిది. నీళ్ళు లోపలికి పోవాలంటే ఆ పెంకు గీసుకుపోవాలి, లేదా నేలలో నలిగి పాతబడాలి. కాబట్టి డబ్బాలో మొలిచినవే మట్టిలో ఉన్నవన్నీ అనుకోకూడదు. కొన్ని గింజలు పిలిచినా పలకవు, తమ లోపలి గడియారం చూసుకుంటాయి. 1879లో విలియం బీల్ అనే ఆయన అమెరికాలోని మిషిగన్‌లో ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి గింజలు నింపి పాతిపెట్టాడు, కొన్నేళ్ళకు ఒకటి చొప్పున తవ్వి, ఇంకా మొలుస్తాయా అని చూడటానికి. 2021లో ఒక సీసా తవ్వారు. 142 ఏళ్ళ తర్వాత మొలిచాయి! మన చెల్క కింద ఎవరి ముత్తాత దున్నినప్పటి గింజ కళ్ళు మూసుకుని పడుకుని ఉందో ఊహించండి!

కానీ మట్టికి గుర్తులేనిదీ ఒకటుంది. వేప.

వేపగింజకు నిల్వ గుణం తక్కువ. రాలిన కొన్ని వారాల్లోనే ప్రాణం తగ్గిపోతుంది. ఏళ్ళ తరబడి నేలలో దాక్కోవడం దానికి చేతకాదు. మరి నాలుగో చెక్కలో అన్ని వేపలు ఎక్కడివి? అవ్వ నన్ను ఒక తుమ్మ కిందికి వంగి చూడమంది. ముళ్ళు జుట్టు పట్టుకుంటున్నా దూరాను. నేలంతా తెల్లటి వేపగింజలు, తాజాగా, జిగురు కూడా ఆరనివి! పైన గోరింకలు గోల చేస్తున్నాయి. వేపపళ్ళు పండే కాలం కదా. ఎక్కడో పండు తిని, వచ్చి తుమ్మ కొమ్మ మీద వాలి, గింజ ఉమ్మేస్తున్నాయి. కింద నీడ, పైన ముళ్ళ కంచె, మేక మూతి అందని చోటు. ఆ చెక్కలో నేను చూసిన వేప మొక్కల్లో చాలామటుకు ఏదో ఒక తుమ్మ గొడుగు కిందే ఉన్నాయి. ఒకచోట వేప తుమ్మను చీల్చుకుని పైకి వెళ్ళిపోయింది. నీడ పడ్డ తుమ్మ సగం ఎండిపోయింది. దాదిని దాటి ఎదిగిన బిడ్డ!

అంటే ద్వితీయ అనుక్రమంలో రెండూ ఉన్నాయి. మట్టి దాచుకున్నవి లేస్తాయి, దాచుకోలేనివి పిట్ట ముక్కున పట్టుకుని వస్తాయి. పిట్ట రావాలంటే వాలడానికి ముందు ఒక కొమ్మ కావాలి.

బండ మీదా పిట్టల పనే ఒక వింత చేసింది. గుండు నడుమ పగుల్లో రావి మొక్క ఒకటి నిగనిగలాడుతోంది! చుట్టూ లైకెన్ ఇంకా అరచేయంతే ఉంది, నాచు రూపాయి బిళ్ళంతే ఉంది. ఈ రావి మాత్రం ఏ వరసా పాటించకుండా పగుల్లో పేరుకున్న పిడికెడు మట్టి దొరకగానే చెట్టయ్యే ప్రయత్నంలో పడింది. పుస్తకంలో బాణం గుర్తులతో గీసిన మెట్లు బండ మీద లేవు. పగులు ఉన్నచోట ఒక కాలం, పగులు లేనిచోట ఇంకో కాలం!

ఇక ఆ గీకేసిన ప్లాట్ల సంగతి. నాకు గుండె కలుక్కుమన్నది అక్కడే. మూడో చెక్క గట్టు అవతల, ఇంచుమించు అదే వయసు వెంచరు ఉంది. పదేళ్ళ కిందట పైమట్టి గీకి, చదును చేసి, రాళ్ళు పాతారట. ఇల్లు ఒక్కటీ లేవలేదు. గట్టు ఇటు పక్క రేగు వనం, పిట్టల గోల. అటు పక్క ఎర్రటి మొరం, అక్కడొకటి ఇక్కడొకటి గడ్డిచామంతి. వాన ఒకటే, ఎండ ఒకటే, మేకలూ అవే! పోయింది పైన ఉన్న ఆ జానెడు మట్టే. దానితో గింజలు, వేళ్ళు, గుర్తులు అన్నీ పోయాయి. అంత మట్టి మళ్ళీ తయారు కావాలంటే మనుషుల లెక్కలో తరాలు పడుతుంది.

మరి ఆ మొరం మీద జరిగేది ప్రాథమికమా, ద్వితీయమా? నేను రాత్రంతా ఆలోచించాను! రాయి అప్పటికే చివికి ఉంది కాబట్టి బండ అనలేం. గుర్తులు పోయాయి కాబట్టి చెల్క అనలేం. రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ఈ చిక్కు పెద్దవాళ్ళకూ వచ్చింది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలై దీవి వేడి బూడిద కింద మునిగింది. 1886లో ట్రోయిబ్ అనే శాస్త్రవేత్త వెళ్ళి బూడిద మీద నీలి ఆకుపచ్చ శైవలాల పొరను, దాని మీద ఫెర్న్ మొక్కలను చూశాడు. ప్రాథమిక అనుక్రమానికి ఇంతకన్నా ఉదాహరణ లేదన్నారు. తర్వాత బాకర్ అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడు అడిగాడు: బూడిద కింద ఒక్క వేరూ, ఒక్క గింజా బతకలేదని ఎవరు తవ్వి చూశారు? అవ్వ నన్ను రేగు దగ్గర సరిదిద్దినట్టే!

ఇంకో రెండు సంగతులు చెప్పకపోతే నిద్ర పట్టదు.

బీడు ఎప్పుడూ ముందుకే నడుస్తుందనుకోకండి. ఆగిపోవడం కూడా చూశాను. మొదటి చెక్క ఒక మూల వయ్యారిభామ ఇంకో మొక్కకు సందివ్వకుండా అల్లుకుంది. ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలు రాల్చగలదు, పైగా దాని రసం పక్క మొలకలను అణుస్తుంది. ఒట్టి చేత్తో పీకితే దద్దుర్లు వస్తాయి, జాగ్రత్త! నాలుగో చెక్క చివర సర్కారు తుమ్మ. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం వైపు మొదట నాటిన విదేశీ చెట్టు, ఇవాళ లేని ఊరు లేదు. దాని కింద చాలాచోట్ల గడ్డి కూడా లేదు, వేప పిల్లలూ లేవు. మామూలు తుమ్మ గొడుగు పట్టింది, సర్కారు తుమ్మ తలుపు వేసింది. ఏటా ఎండాకాలం నిప్పు పెడితే, మేకలు రోజూ మేస్తే కూడా నేల ఒకే మెట్టు మీద ఏళ్ళ తరబడి నిలబడిపోతుంది. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట 1882లో అరెకరం గోధుమ చేను కోయకుండా వదిలేశారు. నాలుగేళ్ళకల్లా గిడసబారిన గోధుమ మొక్కలు ఏ నాలుగైదో మిగిలాయి, ఆ తర్వాత అవీ లేవు. మనిషి విత్తకపోతే పంట ఎంత త్వరగా ఓడిపోతుందో! ఆ చేనులో ఒక భాగం ఇప్పుడు అడవి. ఇంకో భాగంలో చెట్ల మొలకలను ఏటా పీకేస్తూ వచ్చారు, అది ఇప్పటికీ చెట్లెరగని గడ్డే. ఒకే చేను, ఒకే మట్టి!

రెండోది, నేనే చేసిన పొరపాటు. నాలుగు చెక్కలు చూసి ఒకే చెల్క నాలుగు వయసులని గంతులేశాను కదా? మర్నాడు మళ్ళీ వెళ్తే మొదటి చెక్కలో తుంగ ఎందుకంత దట్టంగా ఉందో అర్థం కాలేదు. మిగతా మూడింటిలో లేనే లేదు. అవ్వను అడిగితే, అక్కడ బోరు ఉండేదట, కందికి ముందు కొన్నేళ్ళు వరి వేశారట. తుంగ తడి నేలను మరిచిపోలేదు! అంటే ఆ చెక్క పదేళ్ళకు మూడో చెక్కలా మారుతుందని నేను ప్రమాణం చేయలేను. పక్కపక్క పొలాలను వయసుల వరసగా చదివేటప్పుడు ముందు వాటి పాత బతుకు అడగాలి. ఏ పంట వేశారు, నీళ్ళున్నాయా, మట్టి ఎత్తారా, నిప్పు పెట్టారా? కాలువ ఆనవాలు, దుక్కి చాళ్ళు, బోరు గుంట వెతకాలి. అన్నిటికన్నా ముందు మేకలు కాసేవాళ్ళను అడగాలి!

వెళ్ళండి, వానలు ఆగక ముందే వెళ్ళండి! మీ ఊరి చివర దున్నని చెల్క ఒకటి, దాని పక్కన గుండు ఒకటి ఉండే ఉంటాయి. నిండు నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. బండ మీద బూడిదరంగు మచ్చ మీద కాసిన్ని పోసి వంద లెక్కపెట్టండి. తర్వాత దిగి, నిరుడు పంట తీసిన మోళ్ళ మధ్య కూర్చుని రేగు చిగురు వెతకండి. దొరికితే చుట్టూ నెమ్మదిగా మట్టి తీసి, కింద వేరు ఎంత లావుందో చూసి, మళ్ళీ కప్పేయండి.

అవ్వ నన్ను బతుకమ్మకు రమ్మంది. అప్పటికి మొదటి చెక్క అంతా గునుగు తెల్లగా ఊగుతుందట, రెండో చెక్క తంగేడు పసుపట. "సంచులు దెచ్చుకో, రెండు" అని వేళ్ళు చూపించింది. ఇదిగో, ఇది రాస్తుండగానే మేనకోడలు బాల్కనీ నుంచి అరిచింది, చెల్క డబ్బాలో కొత్తది ఒకటి లేచిందని. రెండు గుండ్రటి ఆకులు, మధ్యలో ఈకలా చీలిన మూడో ఆకు. తంగేడేమో! పరుగెత్తుతున్నాను, మళ్ళీ చెబుతాను!